చిందరవందర గదితో స్కూలు పిల్లలకి ఎంట్రోపీ ఎలా చెప్పాలి?

మా అక్క కూతురు తొమ్మిదో తరగతి చదువుతోంది. మొన్న సెలవుల్లో నేను వాళ్ళింటికి వెళ్ళినప్పుడు, "మామయ్యా, ఎంట్రోపీ అంటే గందరగోళం అని, అది ఎప్పుడూ పెరుగుతూనే ఉంటుందని ఒక వీడియోలో చూశాను, అంటే నా గది ఇలా ఉండటం ఫిజిక్స్ నియమమేనా?" అని అడిగింది. చాలా మంచి ప్రశ్న. గది ఉదాహరణ నిజంగా పనికొస్తుంది, కానీ దాన్ని "గది చెదిరిపోతుంది, అదే ఎంట్రోపీ" అని సగంలో వదిలేస్తే పిల్లల బుర్రలో తప్పు అర్థం పాతుకుపోతుంది. ఎంట్రోపీ కొలిచేది గందరగోళాన్ని కాదు. బయటికి ఒకేలా కనిపించే పరిస్థితి లోపల ఎన్ని రకాలుగా ఉండొచ్చు అన్న లెక్క అది. ఆ రోజు ఆ పిల్లకి నేను చెప్పిన వరస ఇక్కడ రాస్తున్నాను, మీ ఇంట్లో పిల్లలకి మీరూ ఇలాగే చెప్పొచ్చు. ఒక కాగితం, పెన్ను, పది రూపాయి బిళ్ళలు, మూత ఉన్న ఒక డబ్బా చాలు.

1. గదిలో ఐదు వస్తువులు లెక్కపెట్టించండి

గది మొత్తం వద్దు, ఐదు వస్తువులు చాలు: స్కూలు బ్యాగు, యూనిఫాం, సాక్సులు, లెక్కల పుస్తకం, దువ్వెన. గదిలో పది చోట్లు పేర్లు రాయమనండి, మంచం, కుర్చీ, అల్మరా, కిటికీ గట్టు, నేల మీద తలుపు పక్కన, ఇలా. ఒక్కో వస్తువు ఈ పదింటిలో ఎక్కడైనా ఉండొచ్చు అనుకుంటే మొత్తం ఎన్ని రకాలుగా గది ఉండొచ్చు? ఐదు పదుల్ని ఒకదాంతో ఒకటి గుణించాలి, లక్ష. అందులో ప్రతి వస్తువూ తన చోట ఉన్న రకం ఒక్కటే.

మా మేనకోడలు ఇక్కడే అడ్డుపడింది. "అమ్మ అంత స్ట్రిక్ట్ కాదు, బ్యాగు కుర్చీ మీదున్నా ఊరుకుంటుంది" అంది. సరే, ఒక్కో వస్తువుకి రెండు చోట్లు పర్వాలేదు అనుకుందాం, అప్పుడు సర్దినట్టు లెక్కలోకి వచ్చేవి 32 రకాలు. లక్షలో 32. మిగతా 99,968 రకాల్లో ఏది కనిపించినా అమ్మ గుమ్మంలో నిలబడి అనేది ఒకటే మాట, "గదంతా చిందరవందర."

ఈ చోట కాస్త ఆగండి, ఎందుకంటే ఎంట్రోపీకి గుండెకాయ ఇదే. గుమ్మంలోంచి చూసి అమ్మ చెప్పే మాట ఒకటి, లోపల ఏ వస్తువు సరిగ్గా ఎక్కడుందో చెప్పే జాబితా ఇంకొకటి. మొదటిదాన్ని ఫిజిక్స్‌లో మాక్రోస్టేట్ అంటారు, రెండోదాన్ని మైక్రోస్టేట్ అంటారు. ఒక మాక్రోస్టేట్ కింద ఎక్కువ మైక్రోస్టేట్లు ఉంటే దాని ఎంట్రోపీ ఎక్కువ, తక్కువ ఉంటే తక్కువ. "చిందరవందర" అనే మాట కింద దాదాపు లక్ష జాబితాలున్నాయి, "సర్దేసి ఉంది" కింద 32 ఉన్నాయి. చిందరవందరలో ప్రత్యేకంగా ఏ శక్తీ లేదు, దాని వైపు ఎవరూ లాగడం లేదు, ఆ పేరు కింద చేరే జాబితాలే ఎక్కువ.

2. బొమ్మా బొరుసుతో చేయించి చూపించండి

మాటలతో చెప్పింది చేతికి తగలాలి. పది రూపాయి బిళ్ళల్నీ బొమ్మ పైకి ఉండేలా డబ్బాలో పేర్చి, మూత పెట్టి బాగా ఊపి, తెరిచి ఎన్ని బొమ్మలు పైకి ఉన్నాయో రాసుకోమనండి. ఇలా ఒక ఇరవైసార్లు. మొదటిసారి ఊపగానే ఆ వరస పోతుంది, తర్వాత ఎక్కువసార్లు నాలుగు, ఐదు, ఆరు బొమ్మల మధ్యే తిరుగుతూ ఉంటుంది.

కారణం మళ్ళీ లెక్కే. పది బిళ్ళలు పడే తీరులు మొత్తం 1024. అన్నీ బొమ్మలే అయ్యే తీరు ఒక్కటి. ఐదు బొమ్మలు, ఐదు బొరుసులు అయ్యే తీరులు 252. నాలుగు నుంచి ఆరు బొమ్మల దాకా కలిపితే 672, అంటే మూడింట రెండు వంతులు. డబ్బాకి ఏ తీరు మీదా ఇష్టం లేదు, 1024 తీరులకీ సమానంగానే అవకాశం ఉంది, అయినా సగం సగం దగ్గరే ఆగుతుంది.

పిల్లలు తప్పకుండా అడుగుతారు, ఊపుతూనే ఉంటే మళ్ళీ అన్నీ బొమ్మలు రావా అని. వస్తాయి. దాచకుండా వస్తాయనే చెప్పండి. పది సెకన్లకోసారి ఊపితే సగటున ఒక మూడు గంటల్లో ఒకసారి రావచ్చు. కానీ వంద బిళ్ళలు ఉంటే? తీరుల సంఖ్య ఒకటి పక్కన ముప్పై సున్నాలు దాటుతుంది. విశ్వం వయసు 1380 కోట్ల సంవత్సరాలు, దాన్ని సెకన్లలో రాస్తే ఒకటి పక్కన పదిహేడు సున్నాల స్థాయి సంఖ్య. విశ్వం పుట్టినప్పటి నుంచి సెకనుకోసారి ఊపుతూ వచ్చినా వందా బొమ్మలు పడటాన్ని చూసే ఆశ లేదు. వంద బిళ్ళలకే ఇలా ఉంటే, పదడుగుల పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న గదిలో గాలి అణువులు ఒకటి పక్కన 26 సున్నాల కంటే ఎక్కువ ఉంటాయి. అవన్నీ ఒకేసారి గదిలో సగానికి చేరిపోయి మిగతా సగంలో మనకి ఊపిరాడకుండా అవుతుందా అనే భయం అక్కర్లేనిది ఇందుకే. "ఎంట్రోపీ పెరుగుతుంది" అనే నియమం, అదే థర్మోడైనమిక్స్ రెండో నియమం, నమ్మదగినది కావడానికి కారణం ఇంత పెద్ద సంఖ్యలే.

3. సున్నాలు లెక్కపెట్టించండి

పిల్లలకి లాగరిథమ్ ఇంకా రాకపోతే కంగారు వద్దు. ఇంట్లో అలాంటి గదులు రెండు ఉన్నాయనుకోండి, ఒక్కోదానికి లక్ష రకాలు. రెండూ కలిపి? లక్షని లక్షతో గుణించాలి, వెయ్యి కోట్లు. సంఖ్య భయపెట్టేలా పెరిగింది, కానీ సున్నాలు చూడండి, ఐదూ ఐదూ పది. రకాల సంఖ్య గుణకారంలో పెరుగుతుంటే సున్నాల సంఖ్య మామూలు కూడికలో పెరుగుతోంది. రెండు గ్లాసుల నీళ్ళకి ఒక గ్లాసుకి ఉన్నదానికి రెట్టింపు ఎంట్రోపీ ఉండాలి కాబట్టి మనకి కావలసింది ఈ కూడికే. లాగరిథమ్ చేసేది ఇదే. వియన్నాలో లుడ్విగ్ బోల్ట్జ్‌మన్ సమాధి మీద చెక్కి ఉన్న `S = k log W` లో W అంటే రకాల సంఖ్య, log అంటే సున్నాల సంఖ్యకి దాదాపు 2.3 రెట్లు వచ్చే సహజ లాగరిథమ్, S అంటే ఎంట్రోపీ, k అనేది 1.38 × 10⁻²³ విలువ ఉన్న ఒక చిన్న స్థిరాంకం. అది S ని జౌల్స్ పర్ కెల్విన్‌లోకి తెస్తుంది.

4. గది ఉదాహరణ ఎక్కడ తెగిపోతుందో మీరే చెప్పండి

దీన్ని చాలామంది వదిలేస్తారు, నా ఉద్దేశంలో వదలకూడనిది ఇదే. మా మేనకోడలు ఇలా అడిగింది: "గదికి తాళం వేసి ఊరెళ్ళిపోతే, వచ్చేసరికి పుస్తకాలు చెదిరిపోయి ఉంటాయా?" ఉండవు. దుమ్ము పడుతుంది, అంతే. డబ్బా ఊపకపోతే బిళ్ళలు తిరగబడవు కదా, అలాగే గదిలో వస్తువుల్ని కదిపే మనుషులు లేకపోతే ఒక జాబితా నుంచి ఇంకో జాబితాకి మారడమే ఉండదు. అణువుల సంగతి వేరు, వాటిని ఎవరూ ఊపక్కర్లేదు, మన గదిలో గాలి అణువులు సెకనుకి దాదాపు 500 మీటర్ల వేగంతో ఎప్పుడూ పరిగెత్తుతూ ఒకదాన్నొకటి గుద్దుకుంటూనే ఉంటాయి. అక్కడ ఊపేది వేడి. అమ్మ స్థానంలో థర్మామీటరు ఉంటుంది, అది ఉష్ణోగ్రత ఎంతో చెప్తుంది తప్ప ఏ అణువు ఎక్కడుందో చెప్పదు.

ఇంకో తేడా, సైజు. మన ఐదు వస్తువుల చిందరవందరకి బోల్ట్జ్‌మన్ సూత్రం ప్రకారం లెక్క కడితే దాదాపు 1.6 × 10⁻²² జౌల్స్ పర్ కెల్విన్ వస్తుంది. ఒక గ్రాము ఐసు కరిగితే పెరిగే ఎంట్రోపీ 1.2 జౌల్స్ పర్ కెల్విన్. అంటే అసలైన ఫిజిక్స్ లెక్కలో సర్దిన గదికీ సర్దని గదికీ తేడా కనిపించనంత చిన్నది. కాబట్టి "నా గది ఫిజిక్స్ నియమం" అన్న వాదన నిలబడదు, ఆ మాట పిల్లకి సూటిగానే చెప్పాను.

5. ఇప్పుడు ఐసుముక్క

ఉదాహరణ వదిలి అసలు విషయానికి రండి. పది గ్రాముల ఐసుముక్కని గిన్నెలో పెట్టి బల్ల మీద ఉంచండి. గది 27 డిగ్రీలు, అంటే 300 కెల్విన్. ఐసు కరిగేది 273 కెల్విన్ దగ్గర. గ్రాము ఐసు కరగడానికి 334 జౌల్స్ వేడి కావాలి, పది గ్రాములకి 3340. ఈ పద్ధతి బోల్ట్జ్‌మన్ కంటే ముందుది, 1865లో ఎంట్రోపీకి ఆ పేరు పెట్టిన రుడాల్ఫ్ క్లాసియస్‌ది: ఎంత వేడి కదిలిందో దాన్ని ఉష్ణోగ్రతతో భాగించాలి.

ఐసుకి వచ్చింది 3340 ని 273 తో భాగిస్తే 12.2. గది పోగొట్టుకున్నది 3340 ని 300 తో భాగిస్తే 11.1. కదిలిన వేడి రెండు చోట్లా ఒకటే, కానీ చల్లని చోట దాని విలువ ఎక్కువ, అందుకే మొత్తం మీద 1.1 జౌల్స్ పర్ కెల్విన్ పెరిగింది. వేడి చల్లని వైపుకే ఎందుకు పోతుందో ఈ తీసివేతలో ఉంది. ఉల్టా జరిగితే, అంటే నీళ్ళు తమంతట తామే గడ్డకట్టి వేడిని గదికి ఇస్తే, అదే 1.1 తగ్గాలి. అలా తగ్గిన స్థితి కింద ఉన్న జాబితాలు ఎంత తక్కువంటే, వంద బిళ్ళల కథ దాని ముందు ఏమీ కాదు.

6. అర్థమైందో లేదో ఇలా పట్టుకోండి

నిర్వచనం అప్పజెప్పమని అడగొద్దు. రెండు ప్రశ్నలు వేయండి. మొదటిది: గది సర్దితే ఎంట్రోపీ తగ్గింది కదా, మరి నియమం తప్పినట్టా? ఊరికే కూర్చున్న మనిషి ఒంటి నుంచి కూడా సెకనుకి సుమారు 100 జౌల్స్ వేడి బయటికి పోతుంది. అరగంట సర్దితే తక్కువలో తక్కువ 1,80,000 జౌల్స్, 300 తో భాగిస్తే చుట్టుపక్కల గాలికి 600 చేరింది. సర్దడం వల్ల తగ్గింది ఇందాకటి ఆ కనిపించనంత చిన్న సంఖ్య. నియమం ఒక్క గది గురించి కాదు, గదీ మనిషీ గాలీ అన్నీ కలిపిన మొత్తం గురించి. పిల్లలు జవాబులో "మొత్తం" అనే మాట వాడారంటే అర్థమైనట్టే.

రెండోది మా మేనకోడల్ని కాసేపు ఆలోచనలో పడేసింది: ఎండాకాలం తలుపులన్నీ మూసి, ఫ్రిజ్ తలుపు తీసి పెడితే గది చల్లబడుతుందా? చాలాసేపు చూసి, లేచి వెళ్ళి ఫ్రిజ్ వెనక చెయ్యి పెట్టి, "వెచ్చగా ఉంది మామయ్యా, లోపల తీసిన వేడి ఇక్కడికే వస్తోంది, పైగా కరెంటు వేడి కూడా కలుస్తోంది, గది ఇంకా వేడెక్కుతుంది" అంది.