ఫొటోలో ఒకరు, కేఫేలో ఇంకొకరు: రీటచింగ్ ఎక్కడ ఎక్కువైంది?

సమస్య: డేటింగ్ యాప్‌లో మీ ప్రొఫైల్ చూసి కలవడానికి వచ్చినవాళ్ళు మీ టేబుల్ దాటి వెళ్ళిపోయారు. లేదా కూర్చున్నాక "ఫొటోలో వేరేగా ఉన్నారే" అన్నారు.

ముందు ఇది చూడండి: ఇవాళ పగటి వెలుతురులో, వెనక కెమెరాతో ఇంకెవరితోనైనా ఒక ఫొటో తీయించి ప్రొఫైల్ ఫొటో పక్కన పెట్టండి. రోజూ మిమ్మల్ని చూసేవాళ్ళకి రెండూ చూపించి, "బాగుందా?" అని కాదు, "ఏం మారింది?" అని అడగండి. మా ఫొటో స్టూడియోకి వచ్చేవాళ్ళలో ఈ పని చేసొచ్చినవాళ్ళు చాలా తక్కువ.

అసలు దొంగ: ఫోన్ ముందు కెమెరా. చాలా ఫోన్లలో బ్యూటీ మోడ్ ముందే ఆన్‌లో ఉంటుంది. చర్మం నున్నగా చేసి, కొన్నిట్లో దవడ కూడా సన్నం చేసి సేవ్ చేస్తుంది. మీరు దాన్నే ఒరిజినల్ అనుకుని దాని మీద మళ్ళీ ఎడిట్ చేస్తారు. నేనూ అలాగే దెబ్బతిన్నాను. ఒక కుర్రాడు సెల్ఫీ పంపితే నుదుటి మీద మొటిమ తీసి, కాస్త వెలుతురు పెంచి ఇచ్చాను. వారానికి తిరిగొచ్చి "అన్నా, ఆ అమ్మాయి నన్ను గుర్తేపట్టలేదు" అన్నాడు. ఎదురుగా చూస్తే గడ్డం కింద పుట్టుమచ్చ! నేను ముట్టుకోలేదు, నాకొచ్చిన ఫొటోలోనే అది లేదు.

పట్టుకోవడం తేలికే. ఫొటోని బాగా పెద్దది చేసి బుగ్గ చూడండి. చొక్కా నేత, కనుబొమ్మ వెంట్రుకలు స్పష్టంగా ఉండి, బుగ్గ మాత్రం మైనం పూసినట్టుంటే ఫోన్ పనే. ఆ ఫొటోని బాగుచేయలేం, వదిలేయండి. కెమెరాలో బ్యూటీ సున్నాకి తెచ్చి, పోర్ట్రెయిట్ మోడ్‌లోకి వెళ్ళి అక్కడా చూడండి. కొన్ని ఫోన్లలో దేని సెట్టింగ్ దానిదే. తర్వాత వెనక కెమెరాతో ఐదడుగుల దూరం నుంచి కిటికీ వెలుతురులో తీయించుకోండి. చెయ్యి చాపి దగ్గరనుంచి తీసుకుంటే ముక్కు పెద్దదిగా పడుతుంది. దాన్ని చిన్నది చేయబోయి ముఖమంతా కదిపేస్తారు.

ఇక ఎంతవరకు తీయొచ్చు? రెండు వారాల్లో దానంతటదే పోయేది తీసేయండి: మొటిమ, షేవింగ్ గాటు, నిద్రలేని కళ్ళ వాపు. కలిసే రోజుకీ ఉండేది ఉంచండి: పుట్టుమచ్చ, పాత గాటు, పలచబడ్డ జుట్టు. రంగు దగ్గరే అందరికీ చెయ్యి జారుతుంది. పసుపు లైటు సరిచేయడం తప్పు కాదు, కానీ ఫొటోలో తెల్ల చొక్కానో గోడో తెల్లగా కనిపించిన చోట ఆగిపోవాలి. గోడని అలాగే వదిలి ముఖం ఒక్కటే తెల్లబరిస్తే మెడ పట్టిస్తుంది.

పాత ఫొటో, కళ్ళజోడు మార్పు, కేఫేలో మసక లైటు కూడా కారణాలే. ఫొటో రెండేళ్ళు దాటితే మార్చేయండి, చాలు.

ఇప్పటికే కలవడం ఖాయమైపోతే, బయల్దేరే ముందు ఎడిట్ చేయని ఫొటో ఒకటి చాట్‌లో పంపేయండి. ఆ కుర్రాడు రెండోసారి అలాగే చేశాడు, పుట్టుమచ్చతో సహా.