మొదటి కాల్‌ను ప్రతిపాదించే ఈమెయిల్ పంపే ముందు జాగ్రత్తలు

కొత్త క్లయింటును “మీ దగ్గరున్న ఫైళ్లన్నీ పంపండి” అని అడగకండి. ఏది, ఏ రూపంలో, ఎందుకు కావాలో రాయకపోతే అవసరం లేనివి వచ్చి అవసరమైనవి ఆగిపోతాయి. వెబ్‌సైట్‌ను కొత్తగా రూపొందించే పనే అనుకుంటే, “లోగో పంపండి” అన్నప్పుడు తరచుగా స్క్రీన్‌షాట్ నుంచి కత్తిరించిన బొమ్మ వస్తుంది, దాన్ని పెద్దది చేస్తే అంచులు మసకబారతాయి. అందువల్ల ఎంత పెద్దది చేసినా మసకబారని SVG ఫైలు కావాలని, అది లేకపోతే లోగో గీసిన డిజైనర్ దగ్గర దొరకవచ్చని స్పష్టంగా రాయండి.

హోస్టింగ్ పాస్‌వర్డును ఈమెయిల్‌లో ఎంతమాత్రం అడగవద్దు. దానికి బదులు మీ పేరిట పరిమిత అనుమతులున్న వేరే ఖాతా తెరవమని కోరితే, పని ముగిశాక క్లయింటు దాన్ని సులభంగా తొలగించగలరు.

కాల్‌కు రెండు మూడు సమయాలను, టైమ్ జోన్‌తో సహా, సూచించండి. ఫైళ్లు కాల్‌కు 2 పనిదినాల ముందు అందాలని, అందకపోతే కాల్‌ను వాయిదా వేద్దామని మర్యాదగా ముందే తెలపండి.

నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది, డిజైన్‌ను చివరగా ఆమోదించే వ్యక్తి ఎవరో అడిగి, వారిని కూడా కాల్‌కు ఆహ్వానించమని కోరడం. వారు లేకుండా కుదిరిన నిర్ణయాలు తర్వాత మారే అవకాశం ఎక్కువ.