ఒకే ఫైలు రెండు చోట్ల నడవకూడదు: కాగితం నుంచి డిజిటల్‌కు మారే ముందు జాగ్రత్తలు

గత నెలలో ఒక విభాగం నుంచి ఒకే కాంట్రాక్టరుకు మూడు రోజుల తేడాతో రెండు ఉత్తరాలు వెళ్లాయి. శుక్రవారం వెళ్లిన ఉత్తరంలో గడువు ఆరు నెలలు పొడిగించామని ఉంది. సోమవారం వెళ్లిన దాంట్లో పొడిగింపు కుదరదు, పని అప్పగించండి అని ఉంది. రెండింటి మీదా ఒకే ఫైలు నంబరు. రెండింటికీ ఆమోదం ఇచ్చింది అధికారం ఉన్నవాళ్లే. ఎవరి తప్పో తేల్చమని నన్ను పిలిచారు. ఇలాంటి మార్పులు నాలుగైదు ఆఫీసుల్లో దగ్గరుండి చూసినవాణ్ణి కాబట్టి, మనుషుల్ని ప్రశ్నించే ముందు కాగితం ఫైలూ, కంప్యూటర్‌లో ఉన్న ఫైలూ పక్కపక్కన పెట్టి చూశాను. పావుగంటలో కారణం దొరికింది.

అంతకుముందు సోమవారం ఆ ఫైలును స్కాన్ చేశారు. నోట్ షీట్లతో కలిపి 84 పేజీలు, వాటిలో 31 నోట్లు. ముప్ఫై ఒకటో నోటులో గుమాస్తా ‘పొడిగించవచ్చు’ అని రాశాడు. స్కానింగ్ అయ్యాక కాగితం ఫైలు మళ్లీ పాత సీటుకే వెళ్లింది. మంగళవారం విభాగాధిపతి దాని మీదే ముప్ఫై రెండో నోటు రాశారు: లోపాలు సరిచేయలేదు, పొడిగింపు వద్దు. గురువారం ఆయన సెలవులో ఉన్నారు. ఇన్‌చార్జి అధికారి తెర మీద ఫైలు తెరిస్తే అది 31తో ఆగి ఉంది. సిఫారసు చూసి ఆమోదించారు. మర్నాడు ఉత్తరం వెళ్లిపోయింది. అటు గుమాస్తా కాగితం ఫైలు చూసుకుని సోమవారం తిరస్కరణ ఉత్తరం పంపాడు. ఎవరికి వాళ్లు తమ ముందున్న ఫైలు ప్రకారం సరిగ్గానే చేశారు.

మీ విభాగం రాబోయే నెలల్లో ఇదే మార్పుకు సిద్ధమవుతుంటే, స్కానర్ ఏది కొనాలి, శిక్షణ ఎన్ని రోజులు అన్న మాటలు మీకు చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు. నేను ఆ ఒక్క తప్పు గురించే చెబుతాను. ‘కొన్నాళ్లు రెండూ నడుపుదాం, అలవాటయ్యాక కాగితం ఆపేద్దాం’ అనే మాట. వినడానికి ముందుచూపులాగే ఉంటుంది. నేను చూసిన ప్రతి చోటా ఫైళ్లను పాడుచేసింది ఆ మాటే.

మొదలుపెట్టే ముందు

విభాగం మొత్తం ఒకేరోజు మారనక్కర్లేదు. ఒక ఫైలు మాత్రం ఒకేరోజు, ఒకే పూటలో మారాలి. ఈ రెండింటికీ తేడా పట్టుకుంటే సగం పని అయినట్టే.

ఫైళ్లను మూడు రకాలుగా విడదీయండి. ఫలానా తేదీ నుంచి వచ్చే కొత్త తపాలు మొదటి రకం. అవి ఇన్‌వార్డ్ దగ్గరే స్కానై, డిజిటల్ ఫైలుగానే పుట్టాలి. ఇప్పుడు నడుస్తున్న ఫైళ్లు రెండో రకం. ఒక్కో ఫైలు తరువాతిసారి ఎప్పుడు కదలాల్సి వస్తే అప్పుడు మార్చండి. కదలని ఫైళ్లు కొన్ని మిగులుతాయి కాబట్టి వాటికి చివరి తేదీ పెట్టండి. ముగిసిపోయి రికార్డు రూములో ఉన్నవి మూడో రకం. వాటి జోలికి ఇప్పుడు పోవద్దు, ఎవరైనా అడిగినప్పుడు ఆ ఒక్కటీ స్కాన్ చేస్తే చాలు. పాత రికార్డులతో మొదలుపెట్టిన ఆఫీసుల్లో మనుషుల ఓపిక, డబ్బు రెండూ అక్కడే అయిపోయి, నడిచే ఫైళ్ల దగ్గరికి వచ్చేసరికి ‘ప్రస్తుతానికి రెండూ నడుపుదాం’ అన్న మాట వినబడింది.

ఇక మనుషుల సంగతి. ఇరవై ఏళ్లుగా ఫైళ్లు చూస్తున్న గుమాస్తా కాగితం వదలకపోతే కంప్యూటర్ భయం అనుకుంటారు. నేను కూర్చుని మాట్లాడిన వాళ్లలో చాలామంది భయం వేరు. రేపు ఏదైనా తేడా వస్తే ‘నేను వద్దనే రాశాను’ అని చూపించుకోవడానికి సంతకమున్న కాగితం ఒక్కటే ఆయనకు రక్ష. అది లాక్కుని బదులుగా ఒక పాస్‌వర్డ్ ఇస్తున్నాం. అందుకని శిక్షణలో మొదటి గంట ఫైలు తెరవడం, మూయడం నేర్పకండి. ఆయన సొంత ఫైలునే తెరిచి, ఎవరు ఎప్పుడు చూశారో, ఎవరు ఏ నోటు రాశారో, సమర్పించిన నోటును తరువాత ఎవరూ మార్చలేరని ఎలా తెలుస్తుందో ఆ చరిత్ర పేజీలో చూపించండి. సమర్పించిన నోటును దిద్దడం మీ వ్యవస్థలో కుదురుతుంటే ఆ దారి మూసేదాకా మార్పు మొదలుపెట్టకండి, ఆయన భయం న్యాయమైనదే. ఫైళ్లకు పేర్లు, విషయ సూచిక పెట్టే పని కూడా ఆయనకే అప్పగించండి. ఏ ఫైలును జనం ఏ పేరుతో అడుగుతారో ఆయనకు తెలిసినట్టు సాఫ్ట్‌వేర్ ఇచ్చినవాళ్లకు తెలియదు.

ఫైలు మారే పూట

కాగితం ఫైలు స్కానర్ దగ్గరికి వచ్చాక తిరిగి సీటుకు వెళ్లకూడదు. ఈ వాక్యాన్ని పెద్ద అక్షరాలతో గోడ మీద అతికించండి. పని వరస ఇది.

ముందు పేజీలు లెక్కపెట్టి, ప్రతి పేజీకి పెన్సిల్‌తో నంబరు వేయాలి. పిన్నులు తీయాలి. సాధారణ కాగితాలకు 300 డీపీఐ సరిపోతుంది. రెండు వైపులా స్కాన్ అయ్యేలా పెట్టాలి, ఎందుకంటే నోట్ షీట్ల వెనకవైపు చిన్న చేతిరాత ఉంటుంది, తరచూ అసలు నిర్ణయం అదే. ఖాళీ పేజీలను తానే తీసేసే సౌకర్యాన్ని ఆపేయండి. పల్చటి పెన్సిల్ రాత ఉన్న పేజీని కూడా అది ఖాళీ అనుకుని వదిలేస్తుంది. చేతిరాతను యంత్రం చదివి వెతికి పెడుతుందని నమ్ముకోకండి. ఫైలు నంబరు, విషయం, అవతలి పక్షం పేరు, తేదీ మనిషే టైపు చేయాలి.

తరువాత స్కాన్ చేయని రెండో మనిషి పేజీల లెక్క సరిచూడాలి, చివరి మూడు నోట్లు పూర్తిగా చదవాలి. సరిపోయాక కాగితం మీద చివరి నోటు కింద అడ్డంగా గీత గీసి, మిగిలిన ఖాళీ కొట్టేసి, ‘ఈ ఫైలు 31వ నోటుతో ముగిసింది, తరువాతి నోటు డిజిటల్ ఫైలులో’ అని తేదీతో సంతకం పెట్టాలి. డిజిటల్ ఫైలులో మొదట రాసే మాట కూడా అదే: కాగితం పేజీలు 1 నుంచి 84, నోట్లు 1 నుంచి 31, సరిచూశాము. అప్పుడు కాగితం కట్ట వేరే బీరువాలోకి వెళుతుంది, తాళం ఒకరి దగ్గరే ఉంటుంది. ఆ కాంట్రాక్టరు ఫైలు మీద ఈ గీత ఉండి ఉంటే విభాగాధిపతి కలం పెట్టడానికి చోటు ఉండేది కాదు. ముప్ఫై రెండో నోటు తెర మీదే పడేది, ఇన్‌చార్జి అధికారికి కనబడేది.

సాయంత్రానికి ఒక ఫైలు సగంలో ఉంటే ఆ రోజు స్కాన్ చేసింది తీసేయండి. రేపు మళ్లీ మొదటి నుంచి చేయండి. అరగంట వృథా అవుతుంది, అంతే. సగం మారిన ఫైలును వదిలి ఇంటికి వెళ్లకండి.

పెద్దసారు

కింది వాళ్లంతా మారాక పైఅధికారి ‘నాకు ప్రింటు తీసివ్వు, దాని మీద రాస్తాను’ అన్న రోజే కాగితం ఫైలు మళ్లీ పుడుతుంది. ఇది ముందే ఆయనతో తలుపు వేసుకుని మాట్లాడాల్సిన విషయం. చదవడానికి ప్రింటు కావాలంటే ఇవ్వండి, ప్రతి పేజీ మీద ‘చదవడానికి మాత్రమే’ అని పడేలా. దాని మీద ఆయన రాసింది నిర్ణయం కాదని ఆయనే అందరి ముందూ చెప్పాలి. ఆయన చెప్పనంటే మొదలుపెట్టే తేదీని వాయిదా వేయండి. నేను ఒకచోట ఈ మాట అడగడానికి మొహమాటపడ్డాను. రెండు నెలల్లో ఆ విభాగంలో ప్రింట్ల మీద రాసిన ఆదేశాలతో ఒక అర నిండింది, వాటిలో చాలావాటికి తెర మీద జవాబే లేదు.

ఇక మిగిలినవి వరసగా చెబుతాను.

ఆయన పాస్‌వర్డ్ పీఏ దగ్గర ఉండకూడదు. ఉంటే ఎవరు ఆమోదించారన్నది ఎప్పటికీ తేలదు.

సెలవు పెట్టేవాళ్లు తమ అధికారాన్ని వ్యవస్థలోనే ఇంకొకరికి అప్పగించి వెళ్లాలి.

ఫోన్ మెసేజ్‌లో వచ్చిన ‘ఓకే’ ఆమోదం కాదు. దాని ఆధారంగా ఉత్తరం పంపవద్దు.

డిస్పాచ్ వాళ్లకు ఒకటే ఆజ్ఞ: డిజిటల్ ఫైలులో ఆమోదం కనబడని ఉత్తరం బయటికి పోకూడదు. అన్ని కట్టుబాట్లూ తప్పినా ఇది ఒక్కటి నిలబడితే ప్రమాదం గడప దాటదు.

పాత చేతి రిజిస్టరును ఆ తేదీన మూసి సంతకం చేయండి. తెరిచి ఉంటే దాంట్లో రాస్తారు.

నోట్లు నమోదైన సమయాలు వారానికోసారి చూడండి. రోజంతా ఏమీ లేకుండా సాయంత్రం నాలుగున్నర తరువాత గుత్తగా పడుతుంటే, పని కాగితం మీద జరుగుతోంది, చివర్లో కాపీ చేస్తున్నారు. తిట్టవద్దు. వెళ్లి ఆ సీటు పక్కన రెండు రోజులు కూర్చోండి, ఎక్కడ ఆగిపోతున్నారో కనబడుతుంది.

నెలకు ఎన్ని ప్రింట్లు పోతున్నాయో చూడండి. పెరుగుతుంటే మార్పు వెనక్కి నడుస్తోంది.

కరెంటు పోయినా, నెట్ ఆగినా అత్యవసరమైనవి మాత్రమే నంబరు వేసిన చీటీల మీద రాయాలి. రాసిన మనిషే మర్నాటిలోగా ఎక్కించాలి. చీటీల నంబర్లలో ఒకటి తగ్గినా వెతకాలి.

బ్యాకప్ ఉందని చెబితే నమ్మవద్దు. ఒక ఫైలు పేరు చెప్పి, దాన్ని బ్యాకప్ నుంచి తీసి చూపించమనండి. మొదలుపెట్టే ముందు ఒకసారి, తరువాత మూడు నెలలకోసారి.

కాగితం కట్టలను చింపవద్దు, అమ్మవద్దు. ఎన్నేళ్లు ఉంచాలో మీకు వర్తించే నియమాల ప్రకారం న్యాయ సలహా లిఖితంగా వచ్చేదాకా బీరువాలోనే ఉండాలి. ఒప్పందాలు, అసలు సంతకాలున్న పత్రాలు విడిగా పెట్టండి.

ఎవరైనా ‘ఈ ఒక్క ఫైలుకు రెండూ ఉంచుదాం, చాలా ముఖ్యమైంది’ అంటారు. ముఖ్యమైన ఫైలుకే అసలు వద్దు. తగాదా వచ్చేది దాని మీదే.

మార్చిన ప్రతి ఫైలుకూ రెండో వారంలో బీరువా తెరిచి గీత చూడండి. గీత కింద ఒక్క ఇనిషియల్ పడి ఉన్నా, ఆ రోజే ఆ ఫైలులో పోయిన ఉత్తరాలన్నీ తీయించండి.