సేల్స్ కికాఫ్‌లో కొత్తవాళ్ల పరిచయం: కథ ముందు, పేరు చివర్లో

కికాఫ్ మీటింగ్ మొదలవగానే కొత్త రీజనల్ టీమ్‌ని వరసగా నిలబెట్టి పేరు, హోదా, ఎన్నేళ్ల అనుభవం అని చదవకండి, మూడో మనిషి వచ్చేసరికి హాల్లో సగం మంది ఫోన్లు చూసుకుంటుంటారు. ముందు రోజే ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, చేజారిపోతుందనుకున్న ఏ డీల్‌ని ఎలా నిలబెట్టారో అడిగి రాసుకోండి. స్టేజీ మీద ముందు అదే చెప్పండి: “కస్టమర్ రెండుసార్లు వద్దన్నాడు, ఈవిడ ధర తగ్గించకుండా డెలివరీని మూడు విడతలు చేసి ఆర్డర్ తెచ్చారు, ఇకనుంచి తూర్పు రీజియన్ ఈవిడదే!” అని, అప్పుడు పేరు పిలవండి. చప్పట్లు అడగక్కర్లేదు. మనిషికి 40 సెకన్లు చాలు. ఆ డీల్‌లోని కస్టమర్ పేరు మాత్రం బయటపెట్టొద్దు. ఆరుగురు దాటితే రీజియన్‌కి ఒక్క కథే చెప్పి, మిగతావాళ్లని పేరు పిలిచి లేచి నిలబడమనండి.