బండి లోను లెక్క, 3వ పాఠం: ముప్పావలా వడ్డీ రెండు రూపాయలు ఎలా అవుతుంది

పోయిన పాఠంలో కిస్తీ కట్టడం నేర్చుకున్నాం కదా, ఈసారి రెండు లోన్లు పక్కపక్కన పెడదాం. మా బావమరిది కావలిలో బైకు కొనబోయినప్పుడు షోరూమ్ కుర్రాడు "9 శాతమే అన్నా, ముప్పావలా వడ్డీ" అన్నాడు. బ్యాంకులో అడిగితే 12.5 అన్నారు. మావాడు షోరూమ్ వైపే మొగ్గాడు.

80,000 అప్పు, 24 నెలలు. షోరూమ్ వాళ్లది ఫ్లాట్, అంటే రెండేళ్లూ మొత్తం 80,000 మీదే వడ్డీ. ఏడాదికి 7,200 చొప్పున 14,400, కిస్తీ 3,933. మన ఊళ్లో నోటు రాసి అప్పు తెస్తే అసల్లో కొంత కట్టగానే నోటు వెనక చెల్లు వేయించుకుంటాం, ఆ తర్వాత మిగిలిన దానికే వడ్డీ. ఫ్లాట్‌లో ఆ చెల్లు లేదు, ఏడాది తిరిగి సగం అసలు తీరిపోయాక కూడా తీరని అప్పుకి కట్టినట్టే కడుతుంటారు. బ్యాంకుది రెడ్యూసింగ్, చెల్లు వేసే పద్ధతి. అలా లెక్కేస్తే ఆ 9 శాతం 16.4 అవుతుంది.

అసలు దెబ్బ ఇంకోటుంది. ప్రాసెసింగ్ ఫీజు జీఎస్టీతో 2,360, డాక్యుమెంట్ చార్జీలు 640, లోన్ ఇన్సూరెన్స్ 3,000, మొత్తం 6,000 ముందే కోసేస్తామన్నారు. చేతికి అందేది 74,000, కట్టేది మాత్రం 80,000 కిస్తీనే. ఫోన్‌లో షీట్ తెరిచి ఇది కొట్టండి:

```
=RATE(24,-3933,74000)*12
```

0.246 వస్తుంది, అంటే 24.6 శాతం. ముప్పావలా అన్నది నూటికి రెండు రూపాయలు దాటింది!

బ్యాంకుకి కిస్తీ 3,785, ఫీజు 1,180, కాబట్టి 78,820 పెట్టి కొడితే 14 శాతం. వడ్డీ, ఫీజులు కలిపితే షోరూమ్‌కి 20,400, బ్యాంకుకి 12,020.

ఇన్సూరెన్స్ దగ్గర చాలామంది తికమక పడతారు. కొత్త బైకుకి 5 ఏళ్ల థర్డ్ పార్టీ పాలసీ తప్పనిసరి, లోను తీసుకున్నా తీసుకోకపోయినా కట్టాల్సిందే, కాబట్టి దాన్ని లోను ఖర్చులో కలపొద్దు. షోరూమ్ పాలసీ బయటికంటే ఎక్కువైతే ఆ తేడా మాత్రం కలపండి. లోన్ ఇన్సూరెన్స్ వేరు, అది మీ ప్రాణానికీ అప్పుకీ ముడిపెట్టింది, చట్టం అడగదు. "సిస్టమ్‌లో దానంతట అదే వస్తుంది అన్నా" అంటారు, తీసేయమని రాసిస్తే సిస్టమ్ ఒప్పుకుంటుంది, మావాడి విషయంలో ఒప్పుకుంది.

సంతకానికి ముందు కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ అడగండి. 2024 అక్టోబర్ 1 నుంచి మంజూరయ్యే రిటైల్ లోన్లకి రిజర్వ్ బ్యాంక్ దాన్ని తప్పనిసరి చేసింది. అందులో APR అన్న గడిలో ఫీజులూ, వాళ్ల ద్వారా వసూలయ్యే ఇన్సూరెన్సూ కలిపిన వడ్డీ శాతం ఉంటుంది. మీ షీట్‌లో వచ్చిన దానికంటే అది బాగా తక్కువుంటే ఏదో చార్జీ బయట ఉంచారన్నమాట, ఏదో అడగండి.

వచ్చే పాఠానికి: ఇదే లోను 12వ నెలలో మూసేస్తే ఎంత కట్టాలో రెండు పద్ధతుల్లో వేసి పెట్టుకోండి.