వానలు ముదిరేలోపు కారు పాలసీలో ఆ ఒక్క లైను చూసుకోండి

గత నెల మా బావమరిది కారు వానలో జారి డివైడర్‌ను గుద్దింది. మనిషికి ఏమీ కాలేదు. షెడ్డువాళ్లు 1,40,000 ఎస్టిమేట్ ఇచ్చారు. పాలసీ ఉంది, పార్టుల అరుగుదల కోయకుండా డబ్బిచ్చే జీరో డెప్ కూడా ఉంది, ఇంకేం టెన్షన్ అనుకున్నాం. మూడు వారాల తర్వాత ఉత్తరం వచ్చింది: రెన్యువల్ అప్పుడు క్లెయిమ్ లేదని చెప్పి బోనస్ తీసుకున్నారు కాబట్టి బండి రిపేరు డబ్బు ఇవ్వం అని.

అంతకు ముందు ఏడాది బంపర్‌కి 9,000 క్లెయిమ్ తీసుకున్నాడు. రెన్యువల్ చేసిన ఏజెంటు "గతేడాది క్లెయిమ్ లేదు" అన్న గడిలో టిక్కు పెట్టేశాడు. మావాడు చివరి అంకె తక్కువుందని సంతోషించి ఫోన్‌లోనే కట్టేశాడు.

ప్రీమియం చెక్ చేయడమంటే అందరూ చివరి మొత్తం చూస్తారు. చూడాల్సింది ఎన్‌సీబీ లైను, అంటే క్లెయిమ్ చేయనందుకు ఇచ్చే నో క్లెయిమ్ బోనస్. మావాడి కాగితాన్నే తీసుకుందాం. 1197 సీసీ పెట్రోల్ కారు. మన బండి రిపేరుకి కట్టే ఓన్ డ్యామేజ్ ప్రీమియం డిస్కౌంట్లు పోను 8,000. దాని మీద 35 శాతం ఎన్‌సీబీ, అంటే 2,800 తీసేస్తే 5,200. జీరో డెప్‌కి 2,000 కలిపితే 7,200. థర్డ్ పార్టీ 3,416, ఓనర్ ప్రమాద బీమా 350, జీతం డ్రైవర్‌కి 50. మొత్తం 11,016. దాని మీద 18 శాతం జీఎస్టీ 1,982.88. కట్టింది 12,999.

లెక్కలో తప్పు లేదు. అదే ఇందులో మోసం. కూడికలన్నీ సరిపోతాయి, ఆ 35 శాతం మాత్రం అబద్ధం. అసలు అతనికి రావాల్సిన ఎన్‌సీబీ సున్నా. అలా కడితే 16,303 అయ్యేది. 3,304 మిగిలిందనుకుంటే 1,40,000 పోయింది.

క్లెయిమ్ లేని ఏళ్లను బట్టి బోనస్ 20, 25, 35, 45, 50 శాతం మెట్లలో పెరుగుతుంది, 50 దగ్గర ఆగుతుంది. ఒక్క ఓన్ డ్యామేజ్ క్లెయిమ్ చేస్తే, ఎన్‌సీబీ ప్రొటెక్షన్ యాడ్-ఆన్ లేని పాలసీలో మళ్లీ సున్నాకి వస్తుంది. కాబట్టి పాత పాలసీ, కొత్త పాలసీ పక్కపక్కన పెట్టండి. పాతదానిలో 25 ఉండి, ఏడాదంతా క్లెయిమ్ లేకపోతే కొత్తదానిలో 35 ఉండాలి. క్లెయిమ్ చేసి ఉంటే సున్నా ఉండాలి. చిన్న క్లెయిమ్ కూడా క్లెయిమే. 9,000 అయినా, 900 అయినా.

ఎన్‌సీబీ బండిది కాదు, ఓనర్‌ది. సెకండ్ హ్యాండ్ కారు కొన్నవాళ్లు ఇక్కడే మునుగుతారు. అమ్మినాయన 50 శాతం మీకు రాదు. పాలసీ మీ పేరు మీదికి మార్చమని 14 రోజుల్లోపు కంపెనీకి రాయండి. అది చేయకపోతే థర్డ్ పార్టీ కవరు మీతో వస్తుంది కానీ, మీ బండి రిపేరుకి దిక్కుండదు.

ఎన్‌సీబీ ఓన్ డ్యామేజ్ మీద మాత్రమే తగ్గుతుంది, థర్డ్ పార్టీ మీద తగ్గదు. థర్డ్ పార్టీ రేటు ప్రభుత్వం నిర్ణయించింది. 1000 నుంచి 1500 సీసీ కారుకి ఏ కంపెనీ అయినా అదే 3,416. అక్కడ "మీకోసం తగ్గించాం" అంటే ఫోన్ పెట్టేయండి.

జీఎస్టీ అన్నీ కూడాక ఒక్కసారే పడాలి. నెట్ ప్రీమియంని 0.18తో గుణించి చూడండి, రూపాయి అటూ ఇటూ ఉంటే పర్వాలేదు.

ప్రీమియం బాగా తగ్గితే ముందు ఐడీవీ, అంటే పాలసీలో బండికి కట్టిన విలువ చూడండి. బండి విలువ కోసి ప్రీమియం తగ్గించడం పాత విద్య.

జీరో డెప్ ఉందని నీళ్లలో మునిగిన ఇంజిన్‌ని స్టార్ట్ చేయకండి. ఇంజిన్ ప్రొటెక్ట్ వేరే యాడ్-ఆన్, ఆ లైను కాగితంలో లేకపోతే మీకు లేనట్టే.

గడువు దాటి 90 రోజులు గడిస్తే ఉన్న ఎన్‌సీబీ కూడా పోతుంది.

ఓటీపీ చెప్పకముందే ప్రపోజల్ ఫారం పీడీఎఫ్ తెప్పించుకోండి. అందులో గతేడాది క్లెయిమ్ అన్న ప్రశ్నకి ఏం రాశారో మీరే చదవండి. ఏజెంటు చదివి వినిపిస్తే కుదరదు. మీ కళ్లతో చదవండి.

ఎన్‌సీబీ తప్పు పడిందని తెలిస్తే ఈరోజే కంపెనీకి మెయిల్ పెట్టండి, పాలసీని సరిదిద్దే ఎండార్స్‌మెంట్ అడిగి తేడా కట్టేయండి. ఎండార్స్‌మెంట్ కాగితం చేతికి వచ్చేదాకా బండి వానలో తీయకండి. యాక్సిడెంట్ అయ్యాక తేడా కడతానంటే తీసుకోరు. మావాడు అడిగి చూశాడు.