షుగర్ రిపోర్టును mmol/L లోకి మార్చే ముందు: రేంజ్ మార్చారా?

వేసవి వచ్చిందంటే ల్యాబుకు ఒక కొత్త రకం కోరిక మొదలవుతుంది. "అమ్మ మా దగ్గరికి వస్తోంది, ఇక్కడి డాక్టరుకు అర్థమయ్యేలా రిపోర్టు ఇవ్వండి" అని బ్రిటన్ నుంచో, ఆస్ట్రేలియా నుంచో, కెనడా నుంచో పిల్లలు ఫోన్ చేస్తారు. మన దగ్గర షుగర్‌ను mg/dL లో చెబుతాం, అక్కడ mmol/L లో చూస్తారు. మార్చడం చిన్న భాగహారమే. పోయిన నెల ఆ చిన్న పనిలోనే మా ల్యాబు పొరపాటు చేసింది.

మెల్‌బోర్న్‌లోని కొడుకు దగ్గరికి బయలుదేరిన ఒక పెద్దావిడకు పరగడుపు షుగర్ 162 వచ్చింది. మా కుర్రాడు 18తో భాగించి 9.0 అని వేశాడు, యూనిట్ కూడా సరిగ్గానే మార్చాడు. పక్క గడిలోని 70–100 అనే రేంజ్ మాత్రం అలాగే ఉండిపోయింది. తొమ్మిది డెబ్బై కంటే తక్కువ కదా, సాఫ్ట్‌వేర్ దాని పక్కన `L` అని అచ్చు వేసింది. షుగర్ పడిపోయిందనుకుని ఆవిడ మాత్రలు మానేసి, పండ్లరసం తాగడం మొదలుపెట్టారు. నాలుగో రోజు కొడుకు ఫోన్ చేశాడు: "తక్కువ ఉందని రాశారు, ఇక్కడ మీటరు 16.4 చూపిస్తోంది. ఏది నిజమండీ?" 16.4 అంటే మన లెక్కలో 295.

లెక్క

గ్లూకోజ్ ఒక మోల్ బరువు దాదాపు 180 గ్రాములు, అంటే ఒక మిల్లీమోల్ 180 మిల్లీగ్రాములు. డెసిలీటరు లీటరులో పదో వంతు కాబట్టి 180 కాస్తా 18 అవుతుంది.

```
mmol/L = mg/dL ÷ 18
```

దశాంశం తర్వాత ఒక అంకె తప్పక ఉంచండి. 125 మారిస్తే 6.9, 126 మారిస్తే 7.0. మధుమేహాన్ని నిర్ధారించే పరగడుపు గీత సరిగ్గా ఆ రెండింటి మధ్యనే ఉంది. పూర్ణాంకానికి సవరిస్తే రెండూ 7 అయిపోతాయి, గీత చెరిగిపోతుంది.

రేంజ్

అంకె, యూనిట్, రేంజ్ మూడూ కలిసి మారాలి. 70–100 ఉన్న చోట 3.9–5.6 రావాలి. తిన్న తర్వాతి పరీక్షకు 140 లోపు అని ఉంటే 7.8 లోపు అని రావాలి. మూడింటిలో ఒక్కటి పాతదిగా ఉండిపోయినా, అసలు మార్చని రిపోర్టే దానికంటే మేలు.

రేంజ్ అంటే కాగితం మీద కనిపించేది ఒక్కటే కాదు. ప్రమాదకర విలువ వస్తే డాక్టరుకు వెంటనే ఫోన్ చేయమని హెచ్చరించే హద్దులు సాఫ్ట్‌వేర్ లోపల వేరే చోట ఉంటాయి. అక్కడ కింది హద్దు 50, పై హద్దు 400 అని ఉండిపోయిందనుకోండి. మార్చిన దాదాపు ప్రతి షుగరూ 50 కంటే తక్కువే కాబట్టి గంట రోజంతా మోగుతుంది, రెండు రోజుల్లో ఎవరూ పట్టించుకోరు. ఇక 500 ఉన్న మనిషి విలువ 27.8గా వస్తుంది. అది 400 దాటదు, పైగా 'తక్కువ' జాబితాలో చేరుతుంది.

ఇక మిగిలినవి, వరుసగా:

యూనిట్ రాయని అంకెను ఫోన్‌లో చెప్పవద్దు, చెబితే రాసుకోవద్దు. 25 mg/dL అంటే ప్రాణం మీదికి వచ్చిన తక్కువ, 25 mmol/L అంటే 450. ఒకరికి వెంటనే గ్లూకోజ్ ఎక్కించాలి, ఇంకొకరికి అది విషం.

పాత రిపోర్టుల్లోని `mg%`, mg/dL ఒకటే. దానికి ఇంకో లెక్క కట్టకండి.

18 గ్లూకోజ్‌కు మాత్రమే. ఎక్సెల్‌లో ఫార్ములాను కింది వరుసల్లోకి లాగవద్దు. కొలెస్ట్రాల్‌ను 38.67తో భాగించాలి, 200 అంటే 5.2. దాన్నీ 18తో భాగించి 11.1 అని పంపినవారిని చూశాను.

హెచ్‌బీఏ1సీ జోలికి అసలు పోవద్దు. అది శాతం, దాని సూత్రమే వేరు.

మార్చిన అంకెను తిరిగి 18తో గుణించి పాత రికార్డు దిద్దవద్దు. మిషన్ ఇచ్చిన అసలు విలువ రిపోర్టులో ఉండాల్సిందే.

పెన్నుతో కొట్టివేసి పక్కన రాయడం వద్దు.

సెట్టింగ్ మార్చిన రోజు ఒక తక్కువ, ఒక మామూలు, ఒక ఎక్కువ విలువ వేసి ప్రింట్ తీయండి. 54కు 3.0 వచ్చి పక్కన `L`, 90కి 5.0 వచ్చి పక్కన ఖాళీ, 162కు 9.0 వచ్చి పక్కన `H` ఉండాలి. 9.0 పక్కన `L` కనిపిస్తే మీరు రేంజ్ మార్చలేదు. ఆ కాగితం చింపేయండి, రేంజ్ మార్చండి, మళ్లీ ప్రింట్ తీయండి.